చీనీ తోటకు డిస్క్ ఫిల్టర్: ఒక ట్రైనీ వీడియోకు 48 మార్కులు 40 ఎందుకయ్యాయి

అనంతపురంలో డ్రిప్ సామాను అమ్మే ఒక డీలరు దగ్గర కొత్తగా చేరిన ఫీల్డ్ సేల్స్ ట్రైనీ వీడియో ఇది. నిడివి 4 నిమిషాల 40 సెకన్లు. అమ్మాల్సిన వస్తువు డ్రిప్ నీళ్ళలో మట్టిని ఆపే డిస్క్ ఫిల్టర్. ఎదురుగా కూర్చున్నది అసలు రైతు కాదు, రైతు పాత్ర వేసిన ఒక సీనియర్ సేల్స్‌మన్. ట్రైనీ గలగలా మాట్లాడతాడు, నవ్వు మొహం, ఎక్కడా తడబాటు లేదు. ఒకసారి చూసిన వాళ్ళెవరైనా బాగా చేశాడనే అంటారు. మార్కుల షీటు ముందు పెట్టుకుని చూస్తే మాత్రం వేరే సంగతి బయటపడింది. అది ఎలా బయటపడిందో, ఏ మాటకు ఎన్ని మార్కులు పడ్డాయో ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

రైతు కార్డు

వీడియో తీసే ముందు రైతు పాత్రధారికి ఒక కార్డు ఇస్తారు. ట్రైనీకి అది చూపించరు. ఈ కేసులో కార్డు మీద ఉన్నది ఇది: నార్పల వైపు నాలుగెకరాల చీనీ తోట, చెట్ల మధ్య ఆరు మీటర్ల దూరం, చెట్టుకు గంటకు 8 లీటర్లు వదిలే డ్రిప్పర్లు నాలుగు. బోరు నీళ్ళు. జల్లెడతో పని చేసే స్క్రీన్ ఫిల్టర్ ఇప్పటికే ఉంది. చివరి సాళ్ళలో చెట్లకు నీళ్ళు సరిగా అందడం లేదు.

ఇంతవరకు రైతు తనంతట తానే చెప్పవచ్చు. కార్డు కింది భాగంలో అడిగితేనే చెప్పాల్సిన సంగతులు మూడుంటాయి. ఒకటి, డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా పొరకట్టింది. రెండు, సాలు వెంట పోయే లేటరల్ పైపు చివర ఎండ్ క్యాప్ తీస్తే మొదట ఎర్రటి బురద నీళ్ళు వస్తాయి. మూడు, ఫిల్టరుకు ప్రెషర్ గేజి లేదు.

ఈ మూడూ ఊరికే రాసినవి కావు. తెల్ల పొర అంటే నీళ్ళలో కరిగి ఉన్న సున్నం డ్రిప్పరు దగ్గర పేరుకుందని అర్థం. ఎర్ర బురద అంటే ఫిల్టరు దాటి మట్టి లోపలికి వస్తోందని. రెండింటికీ మందు వేరు. మట్టికి మంచి ఫిల్టరు కావాలి, సున్నానికి యాసిడ్ ట్రీట్‌మెంట్ కావాలి. పైగా చివరి సాళ్ళకే నీళ్ళు తగ్గుతున్నాయంటే అడ్డేమీ లేకుండా ప్రెషరే చాలకపోవడం కూడా కారణం కావచ్చు. ఆ మూడు కారణాలనూ విడదీయకుండా ఫిల్టరు అమ్మితే, రైతు డబ్బు పెట్టాక కూడా చివరి చెట్టు ఎండుతూనే ఉంటుంది.

షీటు ఎలా ఉంది

కొలిచేవి ఐదు: సమస్యను తవ్వడం, రుజువు, రైతు లెక్కలో లాభం, అభ్యంతరానికి జవాబు, తర్వాతి అడుగు. ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మెట్లు. మెట్టును దాని బరువుతో గుణిస్తే మార్కులు వస్తాయి. బరువులు వరుసగా 5, 6, 5, 5, 4. అన్నీ కలిపితే 25, పైమెట్టు 4 కాబట్టి మొత్తం 100. పాసు మార్కు 60.

రుజువుకు అందరికన్నా ఎక్కువ బరువు ఇవ్వడానికి కారణం ఉంది. డ్రిప్ సామాను కొనే రైతు ఇదివరకే నలుగురు సేల్స్‌మన్ల మాటలు విని ఉంటాడు. మాట అతనికి కొత్త కాదు, చూపించడమే కొత్త.

మాట తీరు, గొంతు, కూర్చున్న పద్ధతి వంటివి షీటు వెనక రాస్తారు కానీ వాటికి మార్కులు లేవు. వాటికి మార్కులు పెడితే మిగతా ఐదింటిలోనూ అవే దూరిపోతాయి. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ సైనికాధికారులు తమ కింది వాళ్ళకు వేసిన మార్కులు పరిశీలించి, ఒక గుణంలో బాగున్నాడనుకున్న మనిషికి సంబంధం లేని గుణాల్లోనూ ఎక్కువ మార్కులు పడుతున్నాయని చూపించాడు. వీడియో చూసి మార్కులు వేసేటప్పుడు ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

వీటన్నిటి పైన ఒక గేటు ఉంటుంది. వస్తువు గురించి గానీ, ధర గురించి గానీ తప్పు మాట చెబితే మొత్తం ఎంత వచ్చినా 40 దాటదు. ఇది నీతి కోసం పెట్టిన రూలు మాత్రమే కాదు. వస్తువుకు లేని గుణం ఉందని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ట్రైనీ నోటి మాటకు డీలరు జవాబు చెప్పుకోవాలి.

మార్కులు వేసేది ఇద్దరు, విడివిడిగా. మొదటిసారి పెన్ను పట్టుకోకుండా పూర్తిగా చూస్తారు. రెండోసారి ఆపుతూ, వీడియోలో ఏ నిమిషం ఏ సెకనులో ఏ మాట వచ్చిందో రాసుకుంటారు. ఒకటో మెట్టు దాటి మార్కు వేయాలంటే షీటులో ఆ సమయమూ, ట్రైనీ అన్న మాట ఉన్నదున్నట్టుగానూ ఉండి తీరాలి. ఈ ఒక్క నియమం తీసేస్తే షీటు పనికిరాదు.

వీడియో విషయంలో రెండే షరతులు. ఒకే టేకులో తీయాలి, ట్రైనీ చేతులూ రైతు మొహమూ రెండూ ఫ్రేములో పడాలి. ట్రైనీ మొహం ఒక్కటే కనిపిస్తే అతను చూపిన వస్తువూ కనపడదు, అది చూసి రైతు ఒప్పుకున్నాడో లేదో కూడా తెలియదు.

వీడియోలో ఏం జరిగింది

మొదటి 58 సెకన్లు పలకరింపూ, కంపెనీ గొప్పలూ. అసలు విషయంలోకి వచ్చింది అప్పుడే: "డ్రిప్పు బాగా పని చేస్తాండాదా అన్నా?" అవును, కాదు అని తేల్చే ప్రశ్న. అయినా రైతు ఉదారంగా జవాబిచ్చాడు: "ఏం బాగప్పా, చివరి సాళ్ళకు నీళ్ళే సరిగా పోవు." 1:15 దగ్గర ట్రైనీ వెంటనే అందుకున్నాడు: "దానికే అన్నా మా డిస్క్ ఫిల్టరు."

ఇక్కడే పెద్ద నష్టం జరిగింది. రైతు తలుపు తీశాడు, ట్రైనీ లోపలికి వెళ్ళకుండా గుమ్మం దగ్గరే సరుకు దించాడు. డ్రిప్పరు గీకితే తెల్లగా రాలుతుందా, ఎండ్ క్యాప్ విప్పితే ఏం వస్తుంది అని అడిగి ఉంటే కార్డులోని రెండు సంగతులూ బయటికొచ్చేవి. చివరికి 3:58 దగ్గర "ఫిల్టరుకు గేజీ ఉందా అన్నా?" అని అడిగాడు, లేదని తెలిసింది, ఆ జవాబును ముగింపులో వాడుకున్నాడు. సమస్యను తవ్వడంలో మెట్లు ఇలా ఉన్నాయి: అడగకపోతే 0, అడిగి జవాబును వాడుకోకపోతే 1, దాచిన సంగతుల్లో ఒకటి రాబట్టి వాడుకుంటే 2, రెండు రాబడితే 3, మూడూ రాబట్టి కారణాలు విడదీస్తే 4. కాబట్టి ఇక్కడ 2.

1:48 దగ్గర గేటు పడింది. "ఈ ఫిల్టరు పెడితే ఉప్పు కూడా నిలబడిపోతుందన్నా, డ్రిప్పర్లు మళ్ళా మూసుకోవు." డ్రిప్‌లో వాడే డిస్క్ ఫిల్టరు సాధారణంగా 120 మెష్, అంటే సుమారు 130 మైక్రాన్ల కన్నా పెద్ద రేణువును ఆపుతుంది. ఇసుక పలుకు, మట్టి ముద్ద, నాచు తునక ఆగుతాయి. నీళ్ళలో కరిగిపోయిన ఉప్పు, సున్నం ఆగవు. టీ జల్లెడ చక్కెరను ఆపలేదు కదా, ఇదీ అంతే. కరిగిన సున్నం నీటితోపాటు డ్రిప్పరు దాకా వచ్చి, అక్కడ నీళ్ళు ఆరినప్పుడు పొరకడుతుంది. ఈ తోటలో ఆ పొర ఉందని కార్డులోనే ఉంది. అంటే ట్రైనీ చెప్పిన మాట సాధారణంగా తప్పడమే కాదు, సరిగ్గా ఈ రైతుకే దెబ్బకొట్టే తప్పు. ఫిల్టరు కొన్నాక కూడా తెల్ల పొర పెరుగుతూనే ఉంటుంది, "వాడు చెప్పిందంతా అబద్ధం" అన్న మాట ఊరంతా తిరుగుతుంది.

ఆ వెంటనే, 2:10 నుంచి 2:46 దాకా, వీడియోలోకెల్లా మంచి భాగం వచ్చింది. ట్రైనీ సంచిలోంచి ఫిల్టరు తీసి, క్లాంపు విప్పి, డిస్కుల దొంతరను బయటికి లాగాడు. ఒక డిస్కు రైతు చేతికిచ్చి, దాని మీద గాడి వెంబడి గోరు నడపమన్నాడు. దొంతర బిగించి ఉన్నప్పుడు ఆ గాళ్ళు ఒకదానికొకటి అడ్డంగా పడి మట్టిని లోతుగా పట్టుకుంటాయని, వదులు చేస్తే ఒక మగ్గు నీళ్ళతో కడుక్కోవచ్చని చేసి చూపించాడు. రైతు పాత్రధారి డిస్కును వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తున్నది కూడా వీడియోలో కనిపిస్తుంది.

రుజువులో మెట్లు: వట్టి మాట అయితే 0, ఎవరో వాడుతున్నారంటే 1, ఒకటి కళ్ళకు చూపిస్తే 2, చూపించింది ఈ రైతు సమస్యకు నేరుగా సంబంధించినదై ఉంటే 3, దాని హద్దు కూడా చెబితే 4. డిస్కు చూపించడం రెండో మెట్టు. ఈ తోటలో ఎర్ర బురద వస్తోందని తెలుసుకుని చూపించి ఉంటే మూడయ్యేది. మధ్యలో "మీ మండలంలో అందరూ ఇదే పెట్టుకుంటాండారు" అన్నాడు కానీ ఏ ఊరు, ఎవరి తోట అని లేదు. వెళ్ళి చూసిరాగలిగిన తోట పేరు చెప్పనంతవరకు ఆ మాట లెక్కలోకి రాదు.

లాభం దగ్గర బాగా బలహీనం. 2:52: "నీళ్ళు ఆదా అయితాయి, దిగుబడి పెరుగుతాది." ఈ వాక్యం ఏ రైతుకైనా, ఏ సామానుకైనా చెప్పవచ్చు. అందుకే 1. ఈ రైతు తోటలో లెక్క కళ్ళ ముందే ఉంది. చెట్టుకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు, అంటే గంటకు 32 లీటర్లు. మూడు గంటలు మోటరు ఆడితే 96 లీటర్లు అందాలి. చివరి చెట్టుకు సగమే వస్తుంటే 48. వస్తున్నదెంతో రైతే కొలవవచ్చు: డ్రిప్పరు కింద ఒక గ్లాసు పెట్టి నిమిషం పట్టుకుంటే 133 మిల్లీలీటర్లు పడాలి. మొదటి సాలులో ఒకసారి, చివరి సాలులో ఒకసారి పట్టి పక్కపక్కన పెడితే, తేడా ఎంతో సేల్స్‌మన్ చెప్పక్కర్లేదు.

3:20 దగ్గర రైతు అడిగింది నిజానికి రెండు ప్రశ్నలు: "రేటు ఎక్కువ కదప్పా? ఉన్న ఫిల్టరే కడుక్కుంటే సరిపోదా?" ట్రైనీ జవాబు: "క్వాలిటీకి రేటుంటాదన్నా. ఈ నెలాఖరు దాటితే ఇంకా పెరుగుతాది." రెండో ప్రశ్న గాలికి పోయింది. దానికి నిజాయితీగా జవాబు ఉంది. స్క్రీన్ ఫిల్టరులో మట్టి ఒకే జల్లెడ పొర మీద ఆగుతుంది కాబట్టి త్వరగా నిండుతుంది, జల్లెడ ఎక్కడ చిరిగినా మట్టి నేరుగా దాటిపోతుంది. ముందు జల్లెడ విప్పి చూద్దాం, బాగుంటే కడిగి చూద్దాం, చిరిగి ఉంటే అప్పుడు మాట్లాడదాం. ఇలా చెబితే అమ్మకం ఒక రోజు ఆలస్యమవుతుంది, నమ్మకం మిగులుతుంది. ఇక ధర పెరుగుతుందన్న మాటకు డీలరు దగ్గరున్న ధరల పట్టికలో ఆధారం లేదు. గేటు రెండోసారి పడింది. అభ్యంతరానికి 1.

ముగింపు మాత్రం అసాధారణంగా బాగుంది. 4:12: "రేపు పొద్దున ఏడు గంటలకు తోటకాడికి వస్తా అన్నా. గేజీ తెచ్చి ఫిల్టరు ముందర, వెనక ప్రెషరు చూపిస్తా. తేడా అర కిలో దాటితే మీకే తెలుస్తాది." రోజు, వేళ, చోటు, ఏం చేస్తాడు, రైతు ఏం చూస్తాడు, అన్నీ ఉన్నాయి. అడిగింది డబ్బు కాదు, పది నిమిషాల సమయం. ఫిల్టరుకు ముందూ వెనకా ప్రెషరు తేడా చదరపు సెంటీమీటరుకు 0.5 కిలో దాటితే ఫిల్టరు నిండిందనే అర్థం, ఆ అంకె కూడా సరైనదే. 4:31 దగ్గర రైతు "సరే రాప్పా" అన్నాడు. పూర్తిగా 4.

ఇద్దరి మార్కులు ఎందుకు కలవలేదు

| అంశం | బరువు | మొదటివారు | రెండోవారు | తేల్చింది |
|---|---|---|---|---|
| సమస్యను తవ్వడం | 5 | 2 | 3 | 2 |
| రుజువు | 6 | 1 | 3 | 2 |
| లాభం | 5 | 1 | 2 | 1 |
| అభ్యంతరం | 5 | 1 | 2 | 1 |
| తర్వాతి అడుగు | 4 | 4 | 4 | 4 |
| మొత్తం | | 42 | 69 | 48 |

ఒకరి లెక్కలో ఫెయిలు, ఇంకొకరి లెక్కలో సుఖంగా పాసు. ఇలాంటప్పుడు మధ్యలో 55 అని పంచుకోవడం చాలా చోట్ల జరిగే పని. అది తప్పు. సగటు తీస్తే ఏ మార్కు ఎందుకు పడిందో ఎవరికీ తెలియకుండా పోతుంది, ట్రైనీకి చెప్పడానికి ఏమీ మిగలదు.

రెండోవారి నాలుగు తేడాలూ ఒకే వైపు ఉన్నాయి, అన్నీ పైకే. అది చూడగానే అనుమానం రావాలి. ఐదు వేర్వేరు సంగతులను నిజంగా విడివిడిగా చూసిన మనిషికి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. షీటు తెరిస్తే కారణం కనిపించింది: సమస్య ఎదురుగా "బాగా అడిగాడు", అభ్యంతరం ఎదురుగా "ధైర్యంగా జవాబిచ్చాడు" అని ఉంది. సమయం లేదు, మాట లేదు. ట్రైనీ ధారాళత మీద పడ్డ మార్కులు అవి. మాటను చూపించమంటే చూపించలేకపోయారు కాబట్టి ఆ మూడు చోట్లా మొదటివారి మార్కే నిలిచింది.

రుజువు దగ్గర మాత్రం రెండు మెట్ల తేడా. రెండు మెట్లు వస్తే ఇద్దరూ కలిసి ఆ భాగం మళ్ళీ చూడాలన్నది నియమం. చూస్తే తప్పు మొదటివారిదీ ఉంది. 1:48 నాటి తప్పు మాట మనసులో పడిపోయి, దాని వెనకే వచ్చిన డిస్కు ప్రదర్శనను ఆయన రాసుకోనేలేదు. ధారాళత మార్కులు పెంచినట్టే కోపం మార్కులు తగ్గిస్తుంది. తప్పు మాటకు గేటు ఉంది, దాని శిక్ష అక్కడే పడాలి, రుజువులోకి రాకూడదు. ఇద్దరూ 2 దగ్గర కలిశారు.

షీటు వెనక రెండోవారు "భాష శుభ్రంగా లేదు" అని కూడా రాశారు. ఆ వాక్యం కొట్టేశారు. "చేస్తాండాదా", "తోటకాడికి" అనే మాటలు వినే రైతువీ అవే. దాన్ని దిద్దితే ట్రైనీకి ఉన్న ఒక బలం పోతుంది.

మొత్తం 48. గేటు వల్ల 40.

ట్రైనీకి ఏం చెప్పారు

ఐదు అంశాలూ ఒకేసారి చదివి వినిపిస్తే ఏదీ తలకెక్కదు. రెండే చెప్పారు. మొదట గేటు: 1:48 దగ్గర వీడియో ఆపి, ఆ మాట అతని చేతే మళ్ళీ చదివించి, ఫిల్టరు ఏది ఆపుతుంది, ఏది ఆపదు అన్నది అతని మాటల్లోనే చెప్పించారు. సున్నం పొరకు ఏం చేయాలని రైతు అడిగితే, యాసిడ్ ట్రీట్‌మెంట్ వేరే పని అనీ, నీటి పీహెచ్ 4 దగ్గరకు తెచ్చి చేసేదనీ, తెలిసిన టెక్నీషియన్‌ను వెంట తెస్తాననీ చెప్పాలని తేల్చారు. సొంతంగా యాసిడ్ కొలతలు చెప్పకూడదు. రెండోది 1:15: రైతు సమస్య చెప్పాక వస్తువు పేరెత్తే ముందు కనీసం రెండు ప్రశ్నలు అడగాలి.

ముగింపు బాగుందన్న సంగతి కూడా సమయంతో సహా చెప్పారు. బాగున్నదేదో తెలియకపోతే రెండో వీడియోలో అది కూడా మారిపోతుంది.

రెండో వీడియో

అదే కార్డు, వేరే పాత్రధారి. ఈసారి 0:40 లోపే "డ్రిప్పరు మూతి గీకితే తెల్లగా రాలుతుందా అన్నా, లేకుంటే మట్టి వస్తాదా?" అని అడిగాడు. మూడు సంగతులూ రాబట్టి, బురదకు ఇది, తెల్ల పొరకు అది అని విడదీశాడు: 4. డిస్కు చూపించడం ఈసారి బురద సంగతి తెలిశాక వచ్చింది కాబట్టి 3. ఈ ఫిల్టరు ఉప్పును ఆపదని కూడా చెప్పాడు, కానీ డిస్కు చేతిలో ఉన్నప్పుడు కాదు, చివర్లో హడావుడిగా. ఆ హద్దు రైతు చెవిన పడలేదని పాత్రధారి మొహం చూస్తేనే తెలుస్తుంది, అందుకే 4 ఇవ్వలేదు. లాభం 2, అభ్యంతరం 2. తర్వాతి అడుగు 4 నుంచి 3కు దిగింది, ఎందుకంటే ప్రశ్నలకు సమయం పట్టి, రైతు నోటి నుంచి "సరే" రాకముందే వీడియో అయిపోయింది. మొత్తం 70, గేటు పడలేదు, పాసు.

రైతు పాత్ర వేసింది మనవాళ్ళే కాబట్టి ఈ 70 చూసి తోటలో అమ్మగలడని చెప్పలేం. తప్పు మాట లేకుండా, రైతు చెప్పింది విని మాట్లాడగలడని మాత్రం చెప్పవచ్చు. తోటకు పంపడానికి అంత చాలు, మొదటి కొన్ని సార్లు సీనియర్ పక్కనుండాలి.

మూడో పనిగా అతనికి ఇచ్చింది లాభం ఒక్కటే. ఒక గ్లాసు, ఒక కొలపాత్ర, ఫోనులో టైమరు తీసుకుని వెళ్ళి, మొదటి సాలులోనూ చివరి సాలులోనూ నిమిషం చొప్పున నీళ్ళు పట్టి, 133తో పోల్చి, ఆ తేడాను రైతు చేతే మూడు గంటల లెక్కకు పెంచి చెప్పించాలి. వీడియో రెండు నిమిషాలు దాటకూడదు, ఫిల్టరు పేరు ఎత్తకూడదు.